ఆర్థోనా, మెటానా, పారానా: ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో పక్కింటి లెక్క

బెంజీన్ రింగ్ మీద రెండు గ్రూపులున్నాయి. అవి ఏవో మీకు తెలుసు, మాస్ స్పెక్ట్రమ్ కూడా సరిపోయింది. తేలాల్సింది ఒక్కటే: ఆ రెండూ పక్కపక్కన ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా, ఎదురెదురుగా ఉన్నాయా. మాస్‌లో మూడు ఐసోమర్లకూ ఒకే బరువు కాబట్టి అక్కడ సమాధానం దొరకదు. ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో 6.5 నుంచి 8.5 పీపీఎం మధ్య ఉన్న నాలుగు హైడ్రోజన్లను సరిగ్గా చదివితే చాలాసార్లు అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

స్పెక్ట్రమ్ చేతికి రాగానే చాలామంది పీపీఎం పట్టిక తీసి, ఏ గ్రూపు పీక్‌ను ఎంత జరుపుతుందో చూడటం మొదలుపెడతారు. ఈ పనికి అది రెండో మెట్టు. మొదటి మెట్టు పీక్ ఎలా చీలిందో చూడటం. షిఫ్ట్ విలువ సాల్వెంట్‌ను బట్టి, గాఢతను బట్టి, పక్క గ్రూపు మెలిక తిరగడాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. చీలిక అంత తేలిగ్గా మారదు, ఎందుకంటే అది పక్కన ఎవరున్నారన్న దాని మీద ఆధారపడుతుంది.

ఈ వ్యాసం మొత్తానికీ ఉదాహరణగా నైట్రోఅనిసోల్‌ను తీసుకుందాం. రింగ్ మీద ఒక మెథాక్సీ, ఒక నైట్రో. మూడు ఐసోమర్లూ CDCl3లో, 400 మెగాహెర్ట్జ్ మెషీన్ మీద ఎలా కనిపిస్తాయో చూస్తే, ఇలా రెండు వేర్వేరు గ్రూపులున్న రింగులు చాలావరకు దారికొస్తాయి.

ముందు కాగితం మీద లెక్క

స్పెక్ట్రమ్ చూడకముందే ఒక షడ్భుజి గీసి, రెండు గ్రూపులు పెట్టి, మిగిలిన నాలుగు హైడ్రోజన్లలో ఒక్కోదానికి పక్కిళ్లలో ఎన్ని హైడ్రోజన్లున్నాయో రాసుకోండి. పక్కిల్లు అంటే ఆనుకుని ఉన్న కార్బన్ మాత్రమే.

పారాలో ప్రతి హైడ్రోజన్‌కు ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు గ్రూపు. కాబట్టి లెక్క 1, 1, 1, 1. ఆర్థోలో నాలుగు హైడ్రోజన్లు వరుసగా ఉంటాయి. చివరి రెండింటికి ఒక్కో పొరుగు, మధ్య రెండింటికి రెండేసి. లెక్క 1, 2, 2, 1. మెటాలో మూడు హైడ్రోజన్లు వరుసగా ఉంటాయి, నాలుగోది రెండు గ్రూపుల మధ్య ఒంటరిగా చిక్కుకుంటుంది. లెక్క 0, 1, 2, 1.

ఇక గుర్తుంచుకోవాల్సిన అంకెలు కొన్నే. ఆనుకుని ఉన్న హైడ్రోజన్ల మధ్య కప్లింగ్, అంటే J, సాధారణంగా 7 నుంచి 9 హెర్ట్జ్. ఒక కార్బన్ విడిచి ఉన్నవాటి మధ్య 1 నుంచి 3. ఎదురెదురుగా ఉన్నవాటి మధ్య 1 కన్నా తక్కువ, మామూలుగా కంటికి కనిపించదు. పెద్ద చీలిక ఒక్కటే ఉంటే డబ్లెట్, రెండుంటే ట్రిప్లెట్, అసలు లేకపోతే సన్నటి పీక్. చిన్న చీలికలు ఈ రూపం మీద అంచులు మాత్రమే. ముందు వాటిని పట్టించుకోకుండా పెద్ద చీలికలనే లెక్కపెట్టండి.

అంటే మీరు వెతకాల్సింది ఇంతే. ట్రిప్లెట్లు రెండుంటే ఆర్థో. ఒక ట్రిప్లెట్, దానితోపాటు పెద్ద చీలిక లేని ఒక సన్నటి పీక్ ఉంటే మెటా. ట్రిప్లెట్ అసలే లేకుండా రెండేసి హైడ్రోజన్ల డబ్లెట్లు రెండుంటే పారా.

స్పెక్ట్రమ్ చదవడానికి పనికొస్తుందా?

మెటా కప్లింగ్ 2 హెర్ట్జ్. పీక్‌లే 2 హెర్ట్జ్ వెడల్పున్నప్పుడు అది కనిపించమన్నా కనిపించదు. అందుకే ముందు TMS పీక్‌ను గానీ, 7.26 దగ్గర క్లోరోఫామ్ పీక్‌ను గానీ పెద్దది చేసి చూడండి. సగం ఎత్తు దగ్గర వెడల్పు 1 హెర్ట్జ్ లోపు ఉంటే పని జరుగుతుంది. దాని కాలు ఒకవైపు వాలి ఉంటే షిమ్మింగ్ సరిగా లేదు. అలాంటి స్పెక్ట్రమ్ మీద అరగంట కూర్చోవడం కన్నా ఇంకోసారి తీయించుకోవడమే తేలిక. ట్యూబ్‌లో కంటికి కనిపించే నలక ఉన్నా ఇదే గతి. దూది పెట్టిన పాశ్చర్ పిపెట్‌తో వడగట్టండి.

డేటా తీసుకునే సమయం, అంటే అక్విజిషన్ టైమ్, 4 సెకన్ల దగ్గర ఉంటే మంచిది. ఒక సెకనుతో సరిపెడితే చిన్న చీలికలు అక్కడే పోతాయి, తర్వాత ఎంత ప్రాసెస్ చేసినా తిరిగి రావు. సమయం సరిపడా ఉండి చీలిక మసకగా కనిపిస్తుంటే, టాప్‌స్పిన్‌లో గాసియన్ విండో వేసి చూడొచ్చు:

```
lb -1
gb 0.3
gfp
apk
```

ఇది పీక్‌లను పదును చేస్తుంది, కానీ వాటి కాళ్ల దగ్గర బేస్‌లైన్ కిందికి గుంటపడుతుంది. కాబట్టి J కొలవడానికే దీన్ని వాడండి. ఇంటిగ్రేషన్‌కు మళ్లీ lb 0.3 పెట్టి efp కొట్టిన మామూలు స్పెక్ట్రమే కావాలి.

ఇంటిగ్రేషన్

సున్నా దగ్గర కాకుండా, మీకు ఖాయంగా తెలిసిన పీక్ దగ్గర మొదలుపెట్టండి. ఇక్కడ అది మెథాక్సీ. 3.9 దగ్గర ఉన్న సింగ్లెట్‌ను 3.00గా పెడితే ఆరోమాటిక్ ప్రాంతం మొత్తం 4.00కి రావాలి. 4.3, 4.5 అని వస్తుంటే అందులో క్లోరోఫామ్ కలిసింది, లేదా శాంపిల్‌లో ఇంకేదో ఉంది.

నైట్రోఅనిసోల్ మెటా ఐసోమర్‌లో ఒక హైడ్రోజన్ 7.22 దగ్గర వస్తుంది. CDCl3లో మిగిలిపోయే క్లోరోఫామ్ 7.26. మధ్య దూరం 16 హెర్ట్జ్ మాత్రమే. శాంపిల్ పలచగా ఉంటే క్లోరోఫామ్ పీక్ దీని పక్కన స్తంభంలా నిలబడి ఇంటిగ్రేషన్‌ను చెడగొడుతుంది. కొంతమంది ఆ స్తంభాన్నే సన్నటి ఒంటరి పీక్ అనుకుని, చేతిలో ఆర్థో ఉన్నా మెటా అని రాసేస్తారు. అనుమానం వస్తే డ్యూటరేటెడ్ అసిటోన్‌లో ఇంకో స్పెక్ట్రమ్ తీయండి. దాని పీక్ 2.05 దగ్గర ఉంటుంది, ఆరోమాటిక్ ప్రాంతం జోలికి రాదు.

పీపీఎంను హెర్ట్జ్‌లోకి మార్చి కొలవండి

ఇది దాటేసేవాళ్లే ఎక్కువ. కంటికి డబ్లెట్‌లా ఉంది కాబట్టి డబ్లెట్ అని రాసేస్తారు. పీక్ పికింగ్‌ను హెర్ట్జ్‌లో పెట్టుకుని, గీతల మధ్య దూరాలు రాసుకోండి. ప్రింటులో పీపీఎం మాత్రమే ఉంటే తేడాను మెషీన్ మెగాహెర్ట్జ్‌తో గుణించండి. 400 మీద 0.02 పీపీఎం అంటే 8 హెర్ట్జ్. ఇంత చిన్న తేడాల దగ్గర రెండు దశాంశాలు చాలవు, నాలుగు కావాలి.

ఆర్థో నైట్రోఅనిసోల్‌లో 7.84 దగ్గర పీక్‌ను దగ్గర్నుంచి చూద్దాం. నాలుగు గీతలుంటాయి: 3140.9, 3139.2, 3132.8, 3131.1 హెర్ట్జ్. మొదటి రెండింటి మధ్య 1.7, చివరి రెండింటి మధ్య మళ్లీ 1.7. మొదటిదానికీ మూడోదానికీ మధ్య 8.1, రెండోదానికీ నాలుగోదానికీ మధ్య కూడా 8.1. అంటే ఒక పెద్ద చీలిక 8.1, ఒక చిన్న చీలిక 1.7. ఒక పక్కింటి హైడ్రోజన్, ఒక కార్బన్ విడిచి ఇంకో హైడ్రోజన్. ఇది డబ్లెట్ ఆఫ్ డబ్లెట్స్. మధ్యలో ఉన్న 6.4 ఖాళీ J కాదు. దాన్నే J అనుకుని రాస్తే ఆ అంకె ఇంకే పీక్‌లోనూ దొరకదు.

అలా వెతికి చూడటమే అసలు పరీక్ష. రెండు హైడ్రోజన్ల మధ్య J రెండు వైపులా ఒకటే. ఒక పీక్‌లో 8.1 కనిపిస్తే అదే 8.1 ఇంకో పీక్‌లో కూడా ఉండాలి. జోడీ దొరకని J కనిపిస్తే కొలతైనా తప్పు, పీక్ అయినా ఈ అణువుది కాదు.

మూడు ఐసోమర్లు ఎలా కనిపిస్తాయి

పారాతో మొదలుపెడదాం, చూడగానే తెలిసిపోయేది అదే. 8.20 దగ్గర రెండు హైడ్రోజన్ల డబ్లెట్, 6.96 దగ్గర ఇంకో రెండు హైడ్రోజన్ల డబ్లెట్, రెండింటిలోనూ J దాదాపు 9.2. ఇంకేమీ ఉండదు. పెద్దది చేసి చూస్తే ఒక్కో డబ్లెట్ లోపల, కాళ్ల దగ్గర, చిన్న చిన్న గీతలు కనిపిస్తాయి. వాటిని చూసి కంగారుపడి మెటా కప్లింగ్ అని లెక్క కట్టకండి. పారాలో ఒక జత హైడ్రోజన్లు షిఫ్ట్‌లో ఒకటే అయినా, ఎదుటి జతలో ఒకే హైడ్రోజన్‌తో ఒక్కోటి ఒక్కోలా కప్లింగ్ అవుతుంది: ఒకటి దానికి పక్కిల్లు, ఇంకోటి ఎదురిల్లు. అందుకే ఇది నిజమైన డబ్లెట్ కాదు, పుస్తకాల్లో దీన్ని AA'XX' అంటారు. ఆ చిన్న గీతలు ఉండటమే పారా అనడానికి ఇంకో సాక్ష్యం.

ఆర్థోలో నాలుగు హైడ్రోజన్లూ వేరువేరు, ఒక్కోటి ఒక్కో పీక్: 7.84 డబ్లెట్, 7.54 ట్రిప్లెట్, 7.10 డబ్లెట్, 7.03 ట్రిప్లెట్. అన్నింటికీ చిన్న చీలికలుంటాయి. ట్రిప్లెట్ అంటున్నది కూడా కచ్చితమైన ట్రిప్లెట్ కాదు. 7.54 దగ్గర ఉన్నదానిలో పెద్ద చీలికలు రెండు, ఒకటి 8.4 దగ్గర, ఇంకోటి 7.4 దగ్గర. అవి సమానం కాకపోవడంతో మధ్య గీత కాస్త చీలి, లావుగా కనిపిస్తుంది. 7.10, 7.03 పీక్‌ల మధ్య 28 హెర్ట్జే కాబట్టి 400 మీద పక్కపక్కనే ఉంటాయి కానీ కలవవు. తక్కువ ఫీల్డ్ మెషీన్ మీద ఒకదాని మీద ఒకటి పడతాయి. అప్పుడు 7.54 ఒక్కటి శుభ్రంగా కనిపిస్తుంది. ఒక ట్రిప్లెట్ చూశాం కదా అని మెటా అనేయకండి. ఆ గుంపులో సన్నటి ఒంటరి పీక్ ఉందా లేదా అన్నదే చూడాలి.

మెటాలో తాళంచెవి ఆ ఒంటరి పీక్‌దే. రెండు గ్రూపుల మధ్య చిక్కుకున్న హైడ్రోజన్ 7.72 దగ్గర వస్తుంది: 3090.3, 3088.0, 3085.7, మూడు గీతలు, మధ్య దూరం 2.3 హెర్ట్జ్. అటు ఒక కార్బన్ విడిచి ఒకటి, ఇటు ఒక కార్బన్ విడిచి ఒకటి, రెండింటితోనూ దాదాపు సమానమైన చిన్న కప్లింగ్ కాబట్టి ఇరుకైన ట్రిప్లెట్. మొత్తం వెడల్పు 5 హెర్ట్జ్ కూడా లేదు. 7.42 దగ్గర ఉన్న మామూలు ట్రిప్లెట్ వెడల్పు 16. రెండింటినీ ట్రిప్లెట్ అనే అంటాం కానీ పక్కపక్కన పెట్టి చూస్తే పొరబడే అవకాశమే లేదు. ట్రిప్లెట్ అన్న పేరు పక్కన J రాయకపోతే ఆ పేరుకు అర్థం లేదనేది ఇందుకే. మిగిలిన రెండూ 7.82, 7.22 దగ్గర డబ్లెట్లు. వాటి మీద 2 హెర్ట్జ్ దరిదాపుల్లో ఒక చిన్న చీలిక, 1 హెర్ట్జ్ కన్నా తక్కువ ఇంకో చీలిక ఉంటాయి.

షిమ్మింగ్ బాగాలేకపోతే ఈ ఇరుకు ట్రిప్లెట్ లావుపాటి సింగ్లెట్‌లా కనిపిస్తుంది. అయినా నిర్ణయం మారదు, పెద్ద చీలిక లేదు కాబట్టి పక్కిల్లు ఖాళీయే.

ఇప్పుడు పట్టిక తీయండి

చీలిక చూసి ఐసోమర్‌ను నిర్ణయించాక, ఏ పీక్ ఏ హైడ్రోజన్‌దో చెప్పడానికి షిఫ్ట్‌లు పనికొస్తాయి. బెంజీన్ 7.27తో మొదలుపెట్టండి. నైట్రో తనకు ఆర్థోలో ఉన్నదాన్ని 0.95, మెటాలో 0.26, పారాలో 0.38 పైకి జరుపుతుంది. మెథాక్సీ అదే వరుసలో 0.48, 0.09, 0.44 కిందికి లాగుతుంది.

మెటా ఐసోమర్‌లో ఒంటరి హైడ్రోజన్ రెండు గ్రూపులకూ ఆర్థో: 7.27 + 0.95 − 0.48 = 7.74. చూసింది 7.72. ట్రిప్లెట్ రెండింటికీ మెటా: 7.27 + 0.26 − 0.09 = 7.44. చూసింది 7.42. నైట్రో పక్కన, మెథాక్సీకి ఎదురుగా ఉన్నదానికి 7.78 వస్తుంది, చూసింది 7.82. మెథాక్సీ పక్కన, నైట్రోకు ఎదురుగా ఉన్నదానికి 7.17, చూసింది 7.22. ఇంత దగ్గరగా వస్తే ఇక టెన్షన్ అక్కర్లేదు.

ఆర్థో ఐసోమర్‌తో అదే చేస్తే ఒకచోట తేడా కొడుతుంది. నైట్రో పక్కన, మెథాక్సీకి మెటాలో ఉన్న హైడ్రోజన్‌కు లెక్క 8.13 అంటుంది, స్పెక్ట్రమ్ 7.84 అంటుంది. మిగిలిన మూడూ 0.1 లోపే సరిపోతాయి. తప్పు స్పెక్ట్రమ్‌ది కాదు. మెథాక్సీ పక్కనే ఉండటంతో చోటు చాలక నైట్రో రింగ్ తలం నుంచి మెలిక తిరుగుతుంది, పక్క హైడ్రోజన్ మీద దాని ప్రభావం తగ్గుతుంది. పట్టికలోని అంకెలు ఒకే గ్రూపున్న బెంజీన్లను కొలిచి తెచ్చినవి, రెండు గ్రూపులు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వాటికి తెలియదు. షిఫ్ట్‌లను రెండో మెట్టులో పెట్టమన్నది ఇందుకే.

లెక్క తప్పే చోట్లు

రెండు గ్రూపులూ ఒకటే అయితే బొమ్మ మారిపోతుంది. పారాలో నాలుగు హైడ్రోజన్లూ ఒకటైపోయి ఒకే సింగ్లెట్ వస్తుంది. డైమిథైల్ టెరెఫ్తాలేట్‌లో 8.10 దగ్గర చూడొచ్చు. మెటాలో 1, 2, 1 నిష్పత్తిలో మూడు పీక్‌లు. ఆర్థోలో రెండేసి హైడ్రోజన్ల గుంపులు రెండు. దీన్ని పారా అని పొరబడటం చాలా మామూలు, ఇంటిగ్రేషన్ రెండింటికీ ఒకటే మరి. తేడా రూపంలో ఉంది: ఆర్థోలో అవి శుభ్రమైన డబ్లెట్లు కావు, అద్దంలో ప్రతిబింబాల్లా ఎదురెదురుగా నిలబడ్డ, ఎన్నో గీతలున్న గుంపులు. డైమిథైల్ ఫ్తాలేట్‌లో అవి 7.72, 7.53 దగ్గర ఉంటాయి. మీ కాంపౌండ్‌కు సంబంధం లేకుండా ఆ ప్రాంతంలో ఇలాంటి గుంపులే కనిపించి, 4.2 దగ్గర కూడా ఏదో ఉంటే, ప్లాస్టిక్ గొట్టంలోంచో సీసా మూతలోంచో ఫ్తాలేట్ ప్లాస్టిసైజర్ దిగిందేమో చూసుకోండి.

పక్కదారిగా ఒక మాట. ఒకే గ్రూపులు రెండున్నప్పుడు వేర్వేరు హైడ్రోజన్లు పారాలో ఒక రకం, ఆర్థోలో రెండు, మెటాలో మూడు. విల్‌హెల్మ్ కోర్నర్ 1874లో ప్రకటించిన పద్ధతికి ఆధారం కూడా ఇదే లెక్క. డైబ్రోమోబెంజీన్ మీద ఇంకో గ్రూపు పెడితే ఎన్ని కొత్త ఐసోమర్లు వస్తాయో విడదీసి లెక్కపెట్టి, ఆయన ఏది ఆర్థో, ఏది మెటా, ఏది పారా అని తేల్చారు. మనం ట్యూబ్ దించి చూసేదాన్ని ఆయన స్ఫటికాలు కట్టించి చూశారు.

రెండు గ్రూపులూ వేరే అయినా ప్రభావంలో దగ్గరగా ఉంటే ఇంకో చిక్కు. మిథైల్ 4-నైట్రోబెంజోయేట్‌లో రెండు డబ్లెట్లు 8.29, 8.21 దగ్గర. 400 మీద దూరం 32 హెర్ట్జ్, J దాదాపు 9. లోపలి గీతలు పొడుగ్గా, బయటి గీతలు పొట్టిగా, ఇంటి కప్పులా వాలి కనిపిస్తాయి. ఇంకా చదవొచ్చు. 60 మెగాహెర్ట్జ్ బెంచ్‌టాప్ మెషీన్ మీద అదే దూరం 5 హెర్ట్జ్ కన్నా తక్కువ, అంటే J కన్నా చిన్నది. బయటి గీతలు దాదాపు మాయమై, రింగ్ మొత్తం ఒకే పీక్‌లా కనిపిస్తుంది. అక్కడ చీలికలు లెక్కపెట్టి లాభం లేదు. పెద్ద మెషీన్‌కు వెళ్లాలి, లేదా సాల్వెంట్ మార్చాలి. డ్యూటరేటెడ్ బెంజీన్‌లో పీక్‌లు తరచూ విడిపోతాయి. అదీ కుదరకపోతే కార్బన్ స్పెక్ట్రమ్ తీయండి. వేర్వేరు గ్రూపులున్న పారా రింగ్‌కు నాలుగు కార్బన్ సిగ్నళ్లు, ఆర్థోకూ మెటాకూ ఆరేసి.

రింగ్ మీద ఫ్లోరిన్ ఉంటే పక్కింటి లెక్కలో దాన్ని కూడా హైడ్రోజన్‌లాగే చేర్చాలి. పక్కనున్న హైడ్రోజన్‌తో ఫ్లోరిన్ కప్లింగ్ కూడా 8, 9 హెర్ట్జ్ ఉంటుంది. అందుకే పారా ఫ్లోరో కాంపౌండ్‌లో రెండు హైడ్రోజన్ల పీక్ ట్రిప్లెట్‌లా కనిపించి, ట్రిప్లెట్ ఉంది కదా పారా కాదనిపిస్తుంది. ఇంటిగ్రేషన్ 2 ఉన్న ట్రిప్లెట్ కనిపిస్తే ముందు ఫ్లోరిన్‌నే అనుమానించండి.

మిశ్రమం వస్తే

అనిసోల్‌ను నైట్రేషన్ చేస్తే శుభ్రమైన ఒక్క ఐసోమర్ రాదు, ఆర్థో, పారా కలిసి వస్తాయి. అప్పుడు అన్ని పీక్‌లనూ చదవక్కర్లేదు. ఒక్కో ఐసోమర్‌కు దేనితోనూ కలవని ఒక పీక్ ఎంచుకోండి: పారాకు 8.20, ఆర్థోకు 7.84. మెటా ఉందా అని చూడటానికి 7.72 దగ్గర ఆ ఇరుకు ట్రిప్లెట్‌ను వెతకండి; అక్కడ బేస్‌లైన్ చదునుగా ఉంటే చెప్పుకోదగ్గ మెటా లేదు. 7.82 దగ్గర వెతకకండి, అక్కడ ఏముందో ఆర్థో పీక్ కనిపించనివ్వదు.

తర్వాత ఇంటిగ్రేషన్. ఉదాహరణకు 7.84ను 1.00గా పెట్టినప్పుడు 8.20 దగ్గర 1.30 వచ్చిందనుకోండి. పారా ఎక్కువ అని రాసేయకండి. 8.20 రెండు హైడ్రోజన్ల పీక్, 7.84 ఒక్కదానిది. 1.30ని సగం చేస్తే 0.65. అంటే ఆర్థో 1.00కి పారా 0.65, నూటికి 61, 39. మెథాక్సీ పీక్‌లతో సరిచూసుకోండి: ఆర్థోది 3.96, పారాది 3.91, మధ్య 20 హెర్ట్జ్ ఉంది కాబట్టి విడిగా ఇంటిగ్రేట్ చేయొచ్చు. రెండూ మూడేసి హైడ్రోజన్లే కనుక ఇక్కడ సగాల గొడవ లేదు, నేరుగా అదే నిష్పత్తి రావాలి. రాకపోతే 8.20 దగ్గరో, 7.84 దగ్గరో మూడో పదార్థం ఏదో దాక్కుంది. ముందు టీఎల్‌సీ వేసి ఎన్ని మచ్చలున్నాయో చూడండి.